పిలుపు మెత్తగా, తేదీ గట్టిగా

స్నేహితుడికి ఇచ్చిన చేబదులు తిరిగి అడగాలంటే మనలో చాలామంది ముందుగా ఫోన్ చేస్తారు. క్షేమ సమాచారాలు, పిల్లల చదువులు, ఊళ్లో వానలు అన్నీ అయ్యాక, ఇక పెట్టేస్తామనగా "అన్నట్టు, ఆ డబ్బుల సంగతి..." అని గొణుగుతారు. అవతలి మనిషికి ఆలోచించే సందు ఉండదు. ఆ నిమిషం గడిచిపోతే చాలన్నట్టు "ఈ వారంలో పంపేస్తా బావా" అంటాడు. అందులో మోసం ఏమీ లేదు, సిగ్గు అలా అనిపిస్తుంది. వారం గడుస్తుంది, డబ్బు సర్దుబాటు కాదు. ఇప్పుడతని నెత్తిన అప్పుతోపాటు తప్పిన మాట కూడా ఉంది. అందుకే మరుసటి ఫోన్ ఎత్తడు. ఎత్తనందుకు ఇవతలివాడికి కోపం. ఆరు నెలలు తిరిగేసరికి ఒకరి ఇంట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లరు.

ఈ గొలుసు మొదలయ్యేది ఆ తొందరపాటు మాట దగ్గరే. రాసి అడిగితే ఆ మాట పుట్టే అవసరం తగ్గుతుంది. అవతలివాడు ఒంటరిగా చదువుకుంటాడు. మొహం ఎర్రబడ్డా ఎవరూ చూడరు. ఖాతాలో ఎంతుందో చూసుకుంటాడు, ఇంట్లో ఒక మాట అడుగుతాడు, సాయంత్రానికి నిజమైన జవాబు రాస్తాడు. ఇచ్చింది యాభయ్యా అరవయ్యా అన్న తగాదా కూడా రాదు.

రాతకు ఒక ఇబ్బంది ఉంది. దానికి గొంతు ఉండదు. ఎదురుగా నవ్వుతూ అన్నప్పుడు నొప్పించని మాట, రాత్రి పదింటికి సెల్‌ఫోన్ తెర మీద చదివితే గుచ్చుకుంటుంది. ఆ భయంతోనే చాలామంది సందేశాన్ని మెత్తబరచబోయి, మెత్తబరచకూడని చోట మెత్తబరుస్తారు. "వీలున్నప్పుడు చూడు", "తొందరేం లేదులే", "నీకు కుదిరినప్పుడే" అంటారు. పుచ్చుకున్నవాడికి ఆ వీలు ఎప్పటికీ రాదు. ఏ నెల ఖర్చులు ఆ నెలకి ముందు నిలబడతాయి, తొందర లేని బాకీ వెనక్కి జరుగుతుంది. అతన్ని తప్పుపట్టలేం, తొందర లేదని మనమే రాసిచ్చాం. ఇవతలివాడికేమో తొందర ఉంది, అది లోపల కుతకుతలాడుతుంది. మూడు నెలల తర్వాత రాసే సందేశంలో ఆ ఉడుకంతా ఒక్కసారిగా బయటపడుతుంది.

మెత్తదనం పిలుపులో, పలకరింపులో, వెసులుబాటు ఇవ్వడంలో ఉండాలి. మొత్తం, తేదీ మాత్రం అంకెల్లో, తడబాటు లేకుండా ఉండాలి. స్వరం ఎన్ని మెట్లు పైకి వెళ్లినా ఆ రెండూ మొదటి సందేశం నుంచి చివరిదాకా ఒకేలా నిలబడాలి. మారేవి వాటి చుట్టూ ఉన్న మాటలే. ఆ మార్పు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

డిగ్రీలో కలిసి చదువుకున్న ఇద్దరు స్నేహితులు అనుకోండి. ఒకరు గుంటూరులో ప్రైవేటు స్కూలు టీచరు. రెండోవాడు విజయవాడలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాడు. 2025 జూన్ 11న కొత్త చోటికి షాపు మార్చాలి, అడ్వాన్సు కట్టాలి అంటే టీచరు 60,000 రూపాయలు ఫోన్‌లోనే అతని ఖాతాకు పంపాడు. వడ్డీ ప్రసక్తి లేదు, నోటు రాసుకోలేదు. "దసరాకి ఇచ్చేస్తా" అన్నది ఒక్కటే ఒప్పందం. ఆ ఏడు దసరా అక్టోబరు 2న వచ్చి వెళ్లింది. దీపావళి కూడా అయిపోయింది. నవంబరు మధ్యలో టీచరు రాసే మొదటి సందేశం ఇలా ఉండొచ్చు:

"బావా, ఎలా ఉన్నావు? కొత్త చోట షాపు పుంజుకుందా? జూన్‌లో అడ్వాన్సుకి పంపిన 60,000 గుర్తు చేద్దామని రాస్తున్నా. నవంబరు 26 లోపు పంపగలవా? అంతా ఒకేసారి కుదరకపోతే ఎంత కుదురుతుందో చెప్పు, దాన్నిబట్టి నా లెక్క చూసుకుంటా."

ఇది మతిమరుపు అనుకుని రాసే మెట్టు. నిజంగా మరిచాడా లేదా అన్నది మన మనసులో ఉండనివ్వాలి, మరిచిపోయాడన్న మర్యాద అతనికి దక్కాలి. పలకరింపు ఒక్క వాక్యం చాలు. పది వాక్యాలు ముచ్చట్లాడి చివర్లో డబ్బు ప్రస్తావన తెస్తే, ఆ ముచ్చట్లన్నీ ఎర అనిపిస్తాయి. డబ్బు దేనికి ఇచ్చామో ఒక మాటలో చెప్పడం మంచిది. "అడ్వాన్సుకి పంపిన" అనగానే ఆ రోజు తనకు ఎంత అవసరంలో అందిందో అతనికే గుర్తొస్తుంది. "నీ కష్టంలో ఆదుకున్నాను కదా" అని మనం విప్పి చెబితే అది ఎత్తిపొడుపు అవుతుంది.

చివరి వాక్యం చాలామంది రాయరు గానీ, సందేశానికి ప్రాణం అదే. అరవై వేలు చేతిలో లేనివాడికి "పంపగలవా?" అన్న ప్రశ్నకు లేదనడం తప్ప జవాబు లేదు. లేదనలేక ఊరుకుంటాడు. ఎంత కుదురుతుంది అని అడిగితే పదిహేను వేలున్నవాడు కూడా తలెత్తుకుని జవాబు రాయగలడు.

తేదీని అతని చేతికి డబ్బొచ్చే రోజును బట్టి ఎంచుకోవాలి. జీతగాడైతే నెల మొదటి వారం. రైతు అయితే పంట అమ్మిన డబ్బు చేతికందాక. పత్తి ఇంకా చేనులో ఉండగా అడిగితే కాదనిపించుకోవడానికి అడిగినట్టే. మన ఇళ్లలో మంగళవారం, శుక్రవారం డబ్బు బయటికి పంపనివాళ్లు చాలామంది ఉన్నారు. దీపాలు పెట్టాక ఇవ్వనివాళ్లూ ఉన్నారు. మనకు ఆ పట్టింపు లేకపోయినా ఆ రోజులు తప్పిస్తే ఒక సాకు తగ్గుతుంది, గౌరవమూ ఉంటుంది. సందేశం పండగ పొద్దున, వాళ్లింట్లో శుభకార్యం ఉన్న వారంలో వెళ్లకూడదని వేరే చెప్పనక్కర్లేదు. నలుగురు స్నేహితులున్న వాట్సాప్ గ్రూపులో మాత్రం సరదాకైనా ఆ ఊసు ఎత్తకూడదు. అక్కడ పడిన మాటను తర్వాత ఎవరూ తీసేయలేరు.

మన ఉదాహరణలో స్నేహితుడు "చూస్తా బావా" అన్నాడు. 26వ తేదీ దాటింది. రెండో మెట్టులో స్వరం ఇంకా ఆప్యాయంగానే ఉంటుంది కానీ ఇక మతిమరుపు నటించకూడదు. ఇబ్బంది ఉందేమో అని నేరుగా అడగాలి, దారి మనమే చూపాలి:

"బావా, 26 దాటింది, నీ దగ్గర్నుంచి కబురు లేదు. షాపులో ఇబ్బందేమైనా ఉంటే చెప్పు, నేనేమీ అనుకోను. జనవరిలో పాప ఫీజు కట్టాలి, ఈ డబ్బు అందుకే పెట్టుకున్నా. 60 ఒకేసారి కష్టమైతే డిసెంబరు 8న 20, జనవరి 8న 20, ఫిబ్రవరి 8న 20 పంపు. ఇది కుదురుతుందంటే 'సరే' అని ఒక్క మాట రాయి."

ఫీజు నిజంగా కట్టాల్సి ఉంటేనే ఆ వాక్యం రాయాలి. అడగడానికి మొహమాటపడి అమ్మకు ఆపరేషన్ అనీ, బ్యాంకువాళ్లు వెంటపడుతున్నారనీ కల్పించేవాళ్లున్నారు. స్నేహితులకు ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు. వారంలో బయటపడే అబద్ధం అది, అప్పటిదాకా న్యాయంగా ఉన్నవాడు తప్పులో పడతాడు. కారణం లేకపోతే కారణం అక్కర్లేదు. ఇచ్చిన డబ్బు అడగడానికి కష్టం రుజువు చేసుకోవాల్సిన పని లేదు.

ఒక్కమాట జవాబు అడగడంలో కూడా ఒక ఉద్దేశం ఉంది. పెద్ద వివరణ అడిగితే రాయడానికి బరువనిపించి వాయిదా వేస్తాడు. "సరే" అని రాయడానికి అర నిమిషం చాలు, పైగా ఆ రెండక్షరాలతో మొత్తం, వాయిదాలు, తేదీలు అన్నీ అతను ఒప్పుకున్నట్టవుతుంది.

ఇప్పటిదాకా రాసినవి ఈడువాళ్ల మధ్య, "నువ్వు" అని పిలుచుకునేవాళ్ల మధ్య మాటలు. ఎదుటి మనిషి వయసులోనో హోదాలోనో పెద్దయితే ప్రశ్న రూపమే మారుతుంది. మన భాషలో చేసేవాడిని పక్కకు తప్పించి పనినే ముందు పెట్టే సౌకర్యం ఉంది. "సర్దారా?" అంటే ఆయన్ని నిలదీసినట్టు, "సర్దుబాటయిందా?" అంటే పరిస్థితిని అడిగినట్టు. "అన్నా నమస్తే. మార్చిలో ఇంటి మరమ్మతుకి తీసుకున్న 30,000 ఈ నెల సర్దుబాటయ్యేలా ఉందా? 10వ తేదీకి అందితే నాకు పని జరుగుతుంది. వీలు కాకపోతే మీకు కుదిరే తేదీ చెప్పండి అన్నా" అంటే మర్యాదా పోలేదు, తేదీ కూడా జారలేదు. పక్కింటి అక్క చీటీ కట్టడానికి తీసుకున్న ఎనిమిది వేలకు ఇంత కూడా అక్కర్లేదు. "అక్కా, 5న నా చీటీ ఉంది. ఆ 8,000 నాలుగో తేదీ సాయంత్రానికి ఇస్తే నాకు సరిపోతుంది" అంటే చాలు. చీటీ తేదీ ఎవరికైనా తెలిసిన గడువు, అందులో నిష్ఠూరం కనబడదు.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఇరవయ్యేళ్లుగా "ఒరేయ్" అనుకున్న స్నేహితుడికి హఠాత్తుగా "మీరు" అని రాస్తే అది మర్యాద అనిపించదు, తలుపు వేసిన చప్పుడులా ఉంటుంది. కోపంలో ఉన్నప్పుడు చెయ్యి తనకు తానే ఆ వైపు పోతుంది. వీలైనంత కాలం పాత పిలుపునే పట్టుకోవాలి. చిన్న మాటల్ని కూడా గమనించుకోవాలి. "కనీసం ఫోన్ కూడా ఎత్తడం లేదు" అన్న వాక్యంలో నొప్పించేవి "కనీసం", "కూడా" అన్న రెండే. అవి తీసేసి "రెండుసార్లు చేశా, దొరకలేదు" అంటే జరిగిన విషయం అంతే మిగులుతుంది, నింద పోతుంది. "ఇంకా ఇవ్వలేదు", "మళ్లీ అడగాల్సి వస్తోంది", "అసలు ఉద్దేశం ఉందా" అన్నవి కూడా ఇలాంటివే. పంపే ముందు ఇలాంటి మాటలు ఒక్కొక్కటే ఏరి పారేసి చదివితే, చాలా సందేశాల్లో విషయం ఏమీ తగ్గదు.

ఉదాహరణకు తిరిగొద్దాం. స్నేహితుడు "సరే బావా" అన్నాడు. డిసెంబరు 8న 20,000 పంపాడు. జనవరి, ఫిబ్రవరి వాయిదాలు రాలేదు, ఫోన్లు ఎత్తలేదు. ఇక్కడ తొందరపడి మోసగాడని తేల్చేసుకోకూడదు. ఒక వాయిదా కట్టి ఆగినవాడికి చాలావరకు చెయ్యి ఆడక ఆగిపోయి ఉంటుంది, సిగ్గు వల్ల మొహం చాటేస్తాడు. ఏ జవాబూ ఇవ్వకుండా, ఒక్క రూపాయి కట్టకుండా, కొత్త బండి కొన్నవాడి సంగతి వేరు. మూడో మెట్టు మొదటి రకం మనిషి కోసమే:

"బావా, డిసెంబరులో పంపిన 20,000 ముట్టాయి. ఇంకా 40,000 ఉంది. జనవరి 8, ఫిబ్రవరి 8 రెండూ దాటాయి. రెండుసార్లు ఫోన్ చేశా, దొరకలేదు. నాకు ఈ డబ్బు అవసరం. దీనివల్ల మనం మాట్లాడుకోకుండా పోవడం నాకు ఇష్టం లేదు. ఏ తేదీన ఎంత పంపగలవో ఈ ఆదివారం లోపు రాయి. నెలకు 5,000 అయినా పర్వాలేదు, నువ్వు నిలబెట్టుకోగల తేదీ కావాలి."

ఇక్కడ మొదటి వాక్యం ముట్టిన డబ్బు గురించి ఉండడం ముఖ్యం. అతను చేసిన మంచి పని లెక్కలోకి వచ్చిందని తెలియాలి. గడువు డబ్బుకి కాకుండా జవాబుకి పెట్టాం. చేతిలో డబ్బు లేనివాడు కూడా తీర్చగలిగిన బాకీ అది. లేని వడ్డీని ఇప్పుడు తెచ్చి కలపకూడదు. ఇచ్చిన రోజు లేని వడ్డీ ఆలస్యం అయ్యాక పుట్టుకొస్తే, అసలు విషయంలో కూడా మన మాట చెల్లకుండా పోతుంది. అతని భార్యకో తండ్రికో కబురు పెట్టడం కూడా ఈ మెట్టులో వద్దు. ఆ అప్పు సంగతి ఇంట్లో తెలియకపోయి ఉండొచ్చు.

నాలుగో మెట్టులో స్నేహం మాటలు తగ్గి, లెక్క ముందుకొస్తుంది. "నువ్వు" అలాగే ఉంచొచ్చు:

"2025 జూన్ 11న నీ ఖాతాకు 60,000 పంపాను, దసరాకి ఇస్తానన్నావు. డిసెంబరు 8న 20,000 ఇచ్చావు. బాకీ 40,000. ఈ లెక్క సరైనదేనని జవాబు రాయి, తేడా ఉంటే చెప్పు. ఏప్రిల్ 15 లోపు మొత్తం ఇవ్వు, లేదంటే ఇద్దరం కూర్చుని వాయిదాల కాగితం రాసుకుందాం. అదీ కుదరకపోతే మన ఇద్దరికీ కావలసినవాళ్లలో ఒకరిని పిలిచి మాట్లాడదాం. ఎవరన్నది నువ్వే చెప్పు."

పెద్దమనిషిని అతనే ఎంచుకోవడం వల్ల అది పంచాయితీలా కాక, ముగ్గురూ కలిసి కూర్చున్నట్టు ఉంటుంది. లెక్క ఒప్పుకొమ్మని అడగడం వెనక చట్టం సంగతి ఉంది. ఎంత ఆప్తులైనా తెలుసుకోవాల్సిన విషయమే. చేతి అప్పు వసూలుకి కోర్టుకెళ్లాలంటే కాలపరిమితి చట్టం 1963 ప్రకారం మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. జాగ్రత్త కోసం డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్కవేసుకోవడం మేలు. మన ఉదాహరణలో 2028 జూన్ దాటకూడదు. ఆ గడువు లోపల బాకీపడ్డ మనిషి బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. కొంత జమ చేసి, ఆ జమ సంగతి తన చేత్తో రాసినా, సంతకం పెట్టినా అంతే. పల్లెల్లో మూడేళ్లు నిండకముందే ప్రామిసరీ నోటు తిరగరాయించుకునేది దీనికే.

వాట్సాప్ సందేశాలను కూడా కోర్టులు సాక్ష్యంగా చూస్తాయి. దానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. అయినా "సరే బావా" అన్నది సంతకం కిందికి వస్తుందా అని వాదించే వీలు ఉంటుంది కాబట్టి, మొత్తం పెద్దదైతే కాగితం మీద సంతకమే భద్రం. ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు వివరం రాసే గడిలో "జూన్ బాకీలో జమ" అని రాయమని మొదటే చెబితే ఖర్మకాలినా ఆధారం ఉంటుంది. నగదుగా చేతికిస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడాన్నీ తీర్చడాన్నీ ఆదాయపు పన్ను చట్టం కొద్ది మినహాయింపులతో నిషేధించింది, అంత మొత్తమూ జరిమానా పడే ప్రమాదం ఉంది. "ఖాతాకే వెయ్యి బావా, నగదైతే ఇద్దరికీ ఇబ్బంది" అని రాస్తే అందులో అపనమ్మకం కనబడదు.

నాలుగో సందేశానికీ ఉలుకూ పలుకూ లేకపోతే తర్వాతిది లాయరు నోటీసు. దాని భాష మన చేతిలో ఉండదు. అక్కడికి వెళ్లేముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టొచ్చు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానంగా అమలవుతుంది. గెలుపు ఓటములు లేకుండా రాజీతో ముగుస్తుంది కాబట్టి, తర్వాత ఎదురుపడితే పలకరించుకునే వీలు కొంతైనా మిగులుతుంది. ఈ మాట ముందే బెదిరింపుగా వాడకూడదు. "లాయరుతో మాట్లాడతా" అని నాలుగుసార్లు రాసి మాట్లాడనివాడి తేదీలను కూడా ఎవరూ లెక్కచేయరు.

కొన్నిసార్లు ఈ మెట్లేవీ పనికిరావు. షాపు మూతపడింది, ఇంట్లో జబ్బు, నిజంగానే ఇవ్వలేడు. అలాంటప్పుడు అడగడం మానేసి లోలోపల లెక్క మోస్తూ, కనిపించినప్పుడల్లా ముఖం ముడుచుకోవడం ఇద్దరికీ నరకం. వదిలేయాలనుకుంటే అది కూడా రాసి చెప్పాలి. "బావా, నీ పరిస్థితి తెలిసింది. ఆ 40,000 గురించి ఇక ఆలోచించకు. నేను అడగను, నువ్వు దాని కోసం మొహం తప్పించకు. ఆదివారం ఇంటికి వస్తున్నా." ఇది రాసే ముందు నాలుగు రోజులు ఆగి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి రాయాలి. రాశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. పూర్తిగా వదలలేకపోతే గడువైనా స్పష్టంగా పెంచాలి. "వచ్చే ఉగాది దాకా ఈ మాట ఎత్తను" అంటే, అప్పటిదాకా అతను నిశ్చింతగా ఫోన్ ఎత్తుతాడు.

డబ్బు తిరిగొచ్చినప్పుడు రాయాల్సిన సందేశం ఇంకొకటి ఉంది. చాలామంది ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అప్పు తీర్చినవాడికి అది చాలదు, లెక్క తీరిందని అతను మన నోట వినాలి. "బావా, ఈ రోజుతో 60,000 మొత్తం ముట్టింది. మన మధ్య బాకీ ఏమీ లేదు." నోటు రాయించుకుని ఉంటే దాని మీద చెల్లు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, అతని చేతికే ఇచ్చేయాలి.